"టైమ్" అనే మాట 31 సార్లు వచ్చింది, అది థీమ్ అవుతుందా?

చివరి_బెంచీ · సోమవారం, రాత్రి 10:48

పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. రీసెర్చ్ మెథడ్స్ పేపర్‌కి చిన్న ప్రాజెక్టు చేయాలి. గ్రూప్ అసైన్‌మెంట్లలో విద్యార్థులు పని ఎలా పంచుకుంటారు అన్నది నా టాపిక్. ఏడుగురిని కూర్చోబెట్టి ఒక ఫోకస్ గ్రూప్ చేశాను. 74 నిమిషాల రికార్డింగ్ వచ్చింది. అది విని టైప్ చేసేసరికి నాలుగు రాత్రులు పోయాయి, 26 పేజీలు తేలింది.

ఇప్పుడు అందులోంచి థీమ్స్ తీయాలి. ఫైల్లో వెతికి చూస్తే "టైమ్" 31 సార్లు, "మార్కులు" 19 సార్లు, "మెసేజ్" 17 సార్లు వచ్చాయి. అందుకని టైమ్ సమస్య, మార్కుల ఒత్తిడి, కమ్యూనికేషన్ లోపం అని మూడు థీమ్స్ పెట్టుకుని గైడ్‌కి చూపించాను. ఆయన ఒక్క నిమిషం చూసి "ఇవి థీమ్స్ కావు, నువ్వడిగిన ప్రశ్నలకి హెడ్డింగులు" అని కాగితం తిరిగిచ్చేశారు. ఇంకో మాట చెప్పలేదు. సబ్మిషన్‌కి 12 రోజులుంది. 31 సార్లు వచ్చిన మాట థీమ్ కాకపోతే ఇంకేది థీమ్? ఎవరైనా చెప్పండి ప్లీజ్, టెన్షన్‌గా ఉంది.

---

గాలిపటం · సోమవారం, రాత్రి 11:05

బ్రో, గ్రూపులో అందరికన్నా ముందు మాట్లాడినవాళ్లకే మార్కులు. నేను మూడుసార్లు వెళ్లాను, రెండుసార్లు సెలెక్ట్ అయ్యాను. పాయింట్లు నాలుగు రెడీగా పెట్టుకో. ఎవరైనా అడ్డొస్తే "మీరు చెప్పింది కరెక్టే, దానికి తోడు" అని అందుకో.

---

చివరి_బెంచీ · సోమవారం, రాత్రి 11:09

అది ఉద్యోగాలకి పెట్టే గ్రూప్ డిస్కషన్ అండీ. నాది వేరు. ఇక్కడ ఎవరికీ మార్కుల్లేవు, నాకు తప్ప.

---

లెక్కల_పిచ్చి · సోమవారం, రాత్రి 11:31

మీ గైడ్ మరీ తీసిపారేశారు. లెక్క తప్పేం కాదు. కాకపోతే ఫైల్ మొత్తం మీద ఒకే అంకె చెబితే లాభం లేదు. ఎక్సెల్‌లో పెట్టండి. ఒక్కో మాటకి, అంటే ఒకరు మొదలుపెట్టి ఆపేదాకా, ఒక వరస. ఎ కాలమ్‌లో లైన్ నంబరు, బిలో మాట్లాడినవాళ్ల నంబరు, పి1, పి2 అలా పి7 దాకా, సిలో మాట. ఆ తర్వాత ఇది:

```
=COUNTIFS(B:B,"పి3",C:C,"*టైమ్*")
```

ఒక్కొక్కరికీ మార్చుకుంటూ పోతే ఎవరెన్నిసార్లు అన్నారో వచ్చేస్తుంది. దాన్ని టేబుల్‌గా పెడితే గైడ్ నోరెత్తరు.

---

పాత_టేపు · మంగళవారం, ఉదయం 6:20

లెక్కల_పిచ్చి గారి సలహాలో సగం చాలా మంచిది. ఎవరన్నారో విడదీయడం ముందు చేయాల్సిన పనే. అయితే ఆ ఫార్ములా లెక్కపెట్టేది వరసల్ని, మాటల్ని కాదు. ఒకాయన ఒకే ఊపులో మూడుసార్లు టైమ్ అన్నా ఒకటిగానే పడుతుంది. కాబట్టి చివరి_బెంచీ గారికి 31 రాదు, తక్కువొస్తుంది. చూసి కంగారు పడొద్దు.

నాకు రెండు కావాలి. ఆ 31లో ఎవరి వాటా ఎంత? అందులో మీ వాటా కూడా చెప్పండి, మోడరేటర్‌ని వదిలేయొద్దు. రెండోది, టైమ్ అనే మాట దట్టంగా వచ్చిన చోట ఒక పది లైన్లు ఇక్కడ పెట్టండి. పేర్లు తీసేసి, నవ్వులు, నిశ్శబ్దాలు ఉంచి. వాటిని టైప్ చేయలేదంటే మళ్లీ విని చేర్చండి.

---

చివరి_బెంచీ · మంగళవారం, రాత్రి 9:15

ఫార్ములాతో 22 వచ్చింది, మీరన్నట్టే. చేత్తో లెక్కపెడితే 31. అందులో పి3 ఒక్కడే 14 సార్లు, పి1 ఐదు, పి6 మూడు. మిగతా తొమ్మిదీ... నేనే. పి2, పి4, పి5, పి7 అసలు ఆ మాటే అనలేదు. సిగ్గేసింది.

ఇదిగో ఆ భాగం, 38వ నిమిషం:

212 మోడరేటర్: గ్రూపులో పని చేయనివాళ్ల వల్ల మీకెలాంటి ఇబ్బందులొచ్చాయి?
213 పి3: టైమ్. మొత్తం టైమ్ ప్రాబ్లమే. చివరి రోజు దాకా ఒక్కళ్లూ ఏమీ పంపరు. నేనే కూర్చుని చేసుకుంటా.
214 పి1: అవును, టైమ్ ప్రాబ్లమే.
215 పి6: అవునవును. (నవ్వులు)
216 పి3: వాళ్లకి చెప్పి చేయించుకునే టైమ్‌లో నేనే చేసేస్తే పోతుంది. మార్కులు పోతే నావీ పోతాయి కదా.
217 పి5: కానీ... ఒక్కోసారి ఏం చేయాలో చెప్పరు. నేను పంపింది కూడా మొత్తం మార్చేశారు.
218 పి3: మార్చకపోతే ఎలా సబ్మిట్ చేస్తాం మరి?
219 (నాలుగు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు)
220 పి1: అంటే, అది కూడా నిజమే. నేనూ ఒకసారి మా టీమ్‌లో అమ్మాయిది అడక్కుండా మార్చేశా. తర్వాత తను పంపడం మానేసింది.
221 మోడరేటర్: సరే, టైమ్ విషయానికొస్తే, ఎన్ని రోజుల ముందు మొదలుపెడతారు?

---

పాత_టేపు · మంగళవారం, రాత్రి 10:40

మంచి డేటా తెచ్చుకున్నారు. దాన్ని 221లో మీరే చంపేశారు కూడా. తిట్టడం లేదు, మొదటి గ్రూపులో అందరం చేస్తాం. నా మొదటి టేపు విన్నప్పుడు నా గొంతు నాకే చిరాకేసింది.

ముందు 212 చూడండి. పని చేయనివాళ్లు ఉంటారని, వాళ్ల వల్ల ఇబ్బందులొస్తాయని ప్రశ్నలోనే తీర్పు చెప్పేశారు. ఏడుగురూ తమని పని చేసేవాళ్లుగా ఊహించుకునే జవాబు చెప్పాలి, వేరే దారి లేదు. గైడ్ అన్న "ప్రశ్నలకి హెడ్డింగులు" అంటే ఇదే. మీరు ఇబ్బందుల గురించి అడిగారు, వాళ్లు ఇబ్బందులు చెప్పారు, మీరు "ఇబ్బందులు" అని థీమ్ రాశారు. ఇంత కష్టపడి ఏడుగురిని కూర్చోబెట్టకపోయినా అది తెలిసేదే.

తర్వాత 214, 215. ఇవి రెండు ఓట్లని లెక్కేశారు. గ్రూపులో "అవును" అంటే ఒప్పుకోవడం కావచ్చు, మర్యాద కావచ్చు, గట్టిగా మాట్లాడేవాడితో గొడవెందుకని కావచ్చు. ఏదో ఎలా తెలుస్తుంది? తర్వాత అదే మనిషి ఏం చేశాడో చూస్తే తెలుస్తుంది. 214లో అవునన్న పి1, పి5 మాట విన్నాక 220లో తన తప్పు తానే ఒప్పుకున్నాడు. ఆరు లైన్లలో మనిషి ఇటు నుంచి అటు మారాడు. విడిగా ఇంటర్వ్యూ చేసి ఉంటే పి1 మీకు 214 మాత్రమే చెప్పేవాడు. 220 పుట్టింది పి5 వల్ల, ఆ నాలుగు సెకన్ల వల్ల. ఫోకస్ గ్రూప్ పెట్టేదే దీని కోసం.

ఇప్పుడు 212 నుంచి 220 దాకా "టైమ్" అనే మాటని చెరిపేసి చదవండి. ఒకడికి మార్కుల భయం. చెప్పి చేయించడం కన్నా తానే చేసేయడం తేలిక. అవతలివాళ్లు పంపింది మార్చేస్తాడు. వాళ్లు పంపడం మానేస్తారు. అప్పుడు "ఎవరూ పంపరు, నేనే చేసుకుంటా" అంటాడు. 220 నుంచి మళ్లీ 213కి వచ్చేశాం చూశారా? టైమ్ అనేది ఈ చక్రానికి వాళ్లు పెట్టుకున్న మర్యాదైన పేరు.

నేనైతే ఇక్కడ మొదలుపెడతాను. మిగతా 25 పేజీల్లో ఇది నిలబడుతుందో లేదో నాకు తెలియదు, మీరే చూడాలి. ప్రతి మాట పక్కన కోడ్ రాసేటప్పుడు "టైమ్", "మార్కులు" లాంటి ఒంటి మాటలు రాయకండి. ఆ మనిషి ఏం చేస్తున్నాడో, ఏమంటున్నాడో క్రియతో రాయండి. "చెప్పడం కన్నా చేసేయడం", "అడక్కుండా మార్చేయడం", ఇలాగ. ఇంకో కాలమ్ పెట్టి అందులో "దీనికి ముందు ఎవరేమన్నారు" అని రాయండి. చాలామంది ఈ కాలమ్ పెట్టరు, అందుకే వాళ్ల ఫోకస్ గ్రూప్ ఏడు ఇంటర్వ్యూలు కలిపి కుట్టినట్టుంటుంది.

---

లెక్కల_పిచ్చి · మంగళవారం, రాత్రి 11:12

అబ్బో, కథ బాగా అల్లారు. కానీ అది మీరు చదివిన తీరు. పి1 ఒక్కసారి అన్నదాన్ని పట్టుకుని థీమ్ అంటే, రేపు ఇంకొకరు అదే పేజీ చదివి వేరే చక్రం గీస్తారు. అందుకే ఇద్దరితో విడివిడిగా కోడింగ్ చేయించి, వాళ్ల కోడ్లు ఎంత సరిపోయాయో చెప్పే కప్పా అనే అంకె చూడాలంటారు. అది 0.7 దాటకపోతే మా డిపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోరు.

---

పాత_టేపు · బుధవారం, ఉదయం 6:35

అడగాల్సిన ప్రశ్నే. కోడ్లన్నీ ముందే ఖాయం చేసుకుని, ఇద్దరు ముగ్గురు పంచుకుని, వందల పేజీలు కోడ్ చేసే పనైతే కప్పా కావాలి, నేనూ చూస్తాను. కానీ చాలా కోర్సుల్లో చెప్పే ఆరు దశల పద్ధతి, 2006లో బ్రౌన్, క్లార్క్ రాసినది, అందులో కోడింగ్ అనేది పరిశోధకుడు చేసే వ్యాఖ్యానం. ఇద్దరి కోడ్లు సరిపోవడాన్ని వాళ్లు నాణ్యతకి కొలతగా తీసుకోరు. చివరి_బెంచీ గారు ఏ పద్ధతి వాడుతున్నానని ప్రపోజల్‌లో రాశారో దాన్నిబట్టి పోవాలి. ఆ పద్ధతి పేరు రాసి, దానికి కప్పా అతికిస్తేనే వైవాలో చిక్కు.

"ఇంకొకరు వేరేగా చదువుతారు" అన్నదానికి నా జవాబు, చదవనివ్వండి. నా చదువు ఏ లైన్ల మీద నిలబడిందో చూపిస్తాను, దానికి ఎదురు వెళ్లే లైన్లు కూడా చూపిస్తాను.

---

లెక్కల_పిచ్చి · బుధవారం, ఉదయం 9:02

ఆ రెండోది చేస్తేనే ఒప్పుకుంటా. ఎదురు లైన్లు చూపించిన రిపోర్టు నేనింతవరకు చూడలేదు.

---

మౌనవ్రతం · బుధవారం, మధ్యాహ్నం 1:40

మీకు కనీసం మాట్లాడారు! నా గ్రూపులో ఆరుగురు కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 90 నిమిషాలు అనుకున్నది 35కే అయిపోయింది. రెండోసారి ఒక పని చేశాను. ప్రశ్న అడగ్గానే మాట్లాడించకుండా తలా ఒక స్లిప్పు ఇచ్చి రెండు నిమిషాలు రాయమన్నాను. తర్వాత తక్కువ మాట్లాడే ఒకరిని చదవమన్నాను. రాసుకున్నది చదవడమే కదా అని చదివేశారు. గట్టిగా మాట్లాడే అమ్మాయి కూడా ముందే రాసేసుకుంది కాబట్టి, తన మాటని మిగతావాళ్లు కాపీ కొట్టే వీలు లేకపోయింది. ఆ స్లిప్పులు కూడా డేటాగా దాచుకున్నాను.

నా సందేహం వేరే. ముగ్గురు ఒకేసారి మాట్లాడితే ఎవరి గొంతు ఏదో మీకెలా తెలిసింది?

---

చివరి_బెంచీ · బుధవారం, రాత్రి 8:50

నా ఫ్రెండ్ పక్కన కూర్చుని నోట్స్ రాశాడు. ఎవరెక్కడ కూర్చున్నారో బొమ్మ గీసుకుని, ఎవరు మాట్లాడినా పి నంబరు, మొదటి రెండు మాటలు రాస్తూ పోయాడు. అది లేకపోతే సగం తెలిసేది కాదు. అయినా 11 చోట్ల "ఎవరో తెలియదు" అని వదిలేశాను.

కోడింగ్ మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. రెండు రాత్రుల్లో అవుతుందేమో.

---

చివరి_బెంచీ · శుక్రవారం, రాత్రి 11:55

అయింది. 64 కోడ్లు వచ్చాయి. దగ్గరగా ఉన్నవి కలిపితే 23కి తగ్గాయి. పాత_టేపు గారు చెప్పిన చక్రం ఇంకో మూడు చోట్ల దొరికింది. 96లో పి4 "నేను పంపింది ఫైనల్ ఫైల్లో లేదు, అడగలేదు కూడా" అంది. 154లో పి2 "నా పార్ట్ ఎలాగూ మారుస్తారని తెలుసు, అందుకే పైపైన రాశా" అన్నాడు. 301లో పి6, ముందు నవ్వుతూ అవునవునన్నవాడే, "లీడర్‌గా ఉన్నప్పుడు నాకూ ఎవర్నీ నమ్మబుద్ధి కాదు" అన్నాడు. వీళ్లలో ఒక్కరు కూడా అక్కడ టైమ్ అనే మాట వాడలేదు. వెతుకుడులో ఇవేవీ నాకు కనపడనే లేదు.

థీమ్ పేరు ఇలా రాశాను: "పని లాక్కోవడం వల్ల పని చేయనివాళ్లు తయారవుతారు".

కానీ పి7 ఉంది. 178లో "నిజం చెప్పాలంటే నాకా సబ్జెక్టు మీద ఇంట్రెస్ట్ లేదు, ఎవరో ఒకరు చేస్తారులే అనుకున్నా" అంది. ఎవరూ లాక్కోలేదు, తనే వదిలేసింది. ఇదొక్కటీ తీసేస్తే థీమ్ నీట్‌గా ఉంటుంది. తీసేయొచ్చా?

---

పాత_టేపు · శనివారం, ఉదయం 6:10

తీసేయకండి. లెక్కల_పిచ్చి గారు అడిగింది ఇదే.

పి7 లైను మీ థీమ్ పేరులోని తప్పు చూపిస్తోంది. "తయారవుతారు" అంటే అందరూ అలాగే తయారవుతారని అర్థం వస్తుంది. మీ డేటా అంత దూరం వెళ్లదు. పి2, పి4, పి5 పంపి, ఫలితం లేక తగ్గారు. పి7 అసలు మొదలే పెట్టలేదు. బయటి నుంచి చూసే పి3కి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, "పని చేయనివాళ్లు" అని ఒకే మూటలో కట్టేశాడు. మీ 212 ప్రశ్న కూడా అదే మూట. థీమ్ ఇక్కడుందేమో చూడండి. నేనైతే "మానేసినవాళ్లూ, మొదలే పెట్టనివాళ్లూ ఒకేలా కనిపించడం" లాంటిదేదో రాస్తాను. పేరు మీరు ఇంకా బాగా పెట్టగలరు.

ఇంకో సంగతి. చేసింది ఒక్క గ్రూపు. "ఇక కొత్త విషయాలు రావడం ఆగిపోయింది" అనే వాక్యం మాత్రం రాయొద్దు. ఒక గ్రూపుతో అది చెప్పలేం. వీలైతే ఐదారుగురితో ఇంకో గ్రూపు పెట్టండి. 212 బదులు, "ఈమధ్య చేసిన ఒక గ్రూప్ అసైన్‌మెంట్ గుర్తు తెచ్చుకోండి, పని ఎవరికి ఎలా చేరిందో మొదటి రోజు నుంచి చెప్పండి" అని అడగండి. నిశ్శబ్దం వస్తే మనసులో పది దాకా లెక్కపెట్టుకోండి.

---

చివరి_బెంచీ · ఆదివారం, రాత్రి 9:30

కొత్త సమస్య. పి5 మెసేజ్ పెట్టింది. తనూ పి3 ఒకే అసైన్‌మెంట్ టీమ్ అట. ఆ సంగతి నాకు తెలియదు. 217లో "మార్చేశారు" అన్నది పి3 గురించే. రిపోర్ట్ క్లాసులో ప్రెజెంట్ చేస్తామని తెలిసి, "నా మాటలు వాడొద్దు" అంది. సమ్మతి పత్రంలో రెండు వారాల్లోపు తప్పుకోవచ్చని రాశాను, ఇంకా నాలుగు రోజులుంది.

కానీ 217 తీసేస్తే 218, 220 ఎందుకొచ్చాయో అర్థం కాదు.

---

లెక్కల_పిచ్చి · ఆదివారం, రాత్రి 9:48

పి5ని పి8 అని మార్చేయండి. ఎవరికి తెలుస్తుంది?

---

ఆరో_వేలు · ఆదివారం, రాత్రి 10:15

పి3కి తెలుస్తుంది. ఆ గదిలో కూర్చున్న మిగతా ఐదుగురికీ తెలుస్తుంది. నంబరు మార్చడం బయటివాళ్ల కోసం, లోపలున్నవాళ్ల దగ్గర పనిచేయదు. నేను ఎథిక్స్ ఫారాలు చూసే పనిలో కొన్నాళ్లున్నాను. ఫోకస్ గ్రూప్‌కి "మీరు చెప్పింది ఎవరికీ తెలియదు" అని రాస్తే వెనక్కి పంపేవాళ్లం, ఎందుకంటే ఆ హామీ మోడరేటర్ చేతిలో లేదు. "బయట చెప్పొద్దని అందర్నీ కోరతాం, కానీ గ్యారంటీ ఇవ్వలేం" అని రాయమనేవాళ్లం. ఎవరు ఎవరితో ఒకే టీమ్‌లో ఉన్నారన్నది పిలిచేటప్పుడే అడగాల్సిన ప్రశ్న.

అమ్మాయి వద్దంది, పత్రంలో వీలుందని మీరే రాశారు. తీసేయాలి. ఇందులో రెండో మాట లేదు.

---

పాత_టేపు · సోమవారం, ఉదయం 6:25

తీసేయాలన్నదాంట్లో నాకూ అనుమానం లేదు. పి5 మాటలన్నీ తీసి, ఆ చోట "ఒకరి మాట వారి కోరికపై తొలగించాం" అని ట్రాన్‌స్క్రిప్టులో రాసుకోండి. 218 దానికి జవాబే కాబట్టి దాన్నీ కోట్ చేయకండి. 220 పి1 సొంత అనుభవం, 96, 154, 301 ఉన్నాయి. థీమ్ వాటి మీద నిలబడుతుంది.

నాకు తేలనిది వేరే. నేనిందాక గొప్పగా చెప్పిన పి1 మలుపు, 214 నుంచి 220కి రావడం, పి5 వల్లే జరిగింది. ఆమె మాట ఎత్తకుండా "ఎవరో అభ్యంతరం చెప్పాక పి1 మారాడు" అని రాయొచ్చా? రాస్తే పి3కి గుర్తొస్తుంది. రాయకపోతే మలుపు గాల్లోంచి ఊడిపడినట్టుంటుంది. నేనైతే ఆమెకి ఆ వాక్యం చూపించి అడుగుతాను.

---

ఆరో_వేలు · సోమవారం, ఉదయం 8:40

వద్దన్న మనిషిని మళ్లీ అడగడం కూడా ఒత్తిడే. క్లాస్‌మేట్ అడిగితే కాదనలేరు. నేను ఒప్పుకోను.

---

పాత_టేపు · సోమవారం, ఉదయం 8:52

అదీ నిజమే. నా పనిలో వాళ్లు నాకు తెలియనివాళ్లు. క్లాస్‌మేట్ల మధ్య అలా కుదరదు. గైడ్‌ని అడగండి.

---

చివరి_బెంచీ · బుధవారం, రాత్రి 10:05

పి5ని మళ్లీ అడగలేదు. తన మాటలు అన్ని కాపీల్లోంచీ తీసేశాను. 38వ నిమిషం మొత్తం రిపోర్టులోంచి పక్కన పెట్టాను, 220 మాత్రం ఒంటరిగా ఉంది. మలుపు గురించి ఏం చేయాలని గైడ్‌ని అడిగితే "రేపు చూద్దాం" అన్నారు.

రెండో గ్రూపు నిన్న అయింది, ఐదుగురు. పిలిచేటప్పుడే ఎవరు ఏ టీమ్‌లో ఉన్నారో అడిగాను. స్లిప్పుల పద్ధతి వాడాను, మౌనవ్రతం గారికి థాంక్స్. మొదటి ప్రశ్నకే 22 నిమిషాలు మాట్లాడుకున్నారు, నేను రెండుసార్లే నోరు తెరిచాను. అందులో ఒకబ్బాయి, తను లీడర్‌గా మార్చేసిన ఫైలు గురించి చెబుతూ "అప్పుడు టైమ్ లేదు" అన్నాడు. పక్కనున్న అమ్మాయి "ఎన్ని రోజులుంది?" అని అడిగింది. ఆరు రోజులట. ఇంకా టైప్ చేయాలి.

---

లెక్కల_పిచ్చి · బుధవారం, రాత్రి 10:21

ఈసారి టైమ్ ఎన్నిసార్లు వచ్చిందో కూడా చెప్పండి. ఊరికే, తెలుసుకుందామని.